కోచ్ ‘కసి’ అంటారు, నాన్న ‘ప్రశాంతం’ అంటారు: ఉత్తేజం ఎంత ఉంటే మేలు?

ప్రశ్న: నేను విజయవాడలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. రికర్వ్ ఆర్చరీలో రాష్ట్రస్థాయి పోటీలకు వెళ్తుంటాను. ర్యాంకింగ్ రౌండ్ బాగానే వేస్తాను గానీ, ఎలిమినేషన్ మ్యాచ్‌లో మాత్రం, బాణం పూర్తిగా లాగానని చెప్పే క్లిక్కర్ మోగకముందే బాణం వదిలేస్తున్నాను. కాలేజీ వారాంతపు పరీక్షల్లో పరధ్యానంగా తప్పులు చేస్తాను. పెద్ద పరీక్షలో అయితే అరచేతులకు చెమటలు పట్టి, ప్రశ్న మూడుసార్లు చదివినా బుర్రకెక్కదు. కోచ్ గారు ‘కసి ఉండాలి’ అంటారు, నాన్న ‘ప్రశాంతంగా ఉండు’ అంటారు. ఒక సీనియర్ తలకిందులైన ‘యు’ ఆకారపు గీత గీసి చూపించి, దాని మధ్యలో ఉంటే చాలన్నారు. నా మధ్య ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది?

జవాబు: మీ కోచ్ గారి మాటా నిజమే, మీ నాన్నగారి మాటా నిజమే. ఇద్దరి మనసులో ఉన్న పనులు వేరు, అంతే. మీ సీనియర్ గీసిన గీత, ఉత్తేజం పెరిగినకొద్దీ పనితీరు ఒక శిఖరం దాకా పెరిగి, ఆ తర్వాత తగ్గుతుందని చెబుతుంది. ఆ గీతకు అందరికీ, అన్ని పనులకూ సరిపోయే ఒకే శిఖరం లేదు. పని మారితే శిఖరం పక్కకు జరుగుతుంది, మనిషి మారినా జరుగుతుంది. అందుకే మీ శిఖరాన్ని ఆ బొమ్మలో వెతికితే దొరకదు, మీ సొంత పోటీల్లోనూ పరీక్షల్లోనూ వెతకాలి. ఎలా వెతకాలో చెప్పేముందు ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం అవసరం, ఎందుకంటే మీ సమస్యకు కావలసిన సమాధానం సగం అక్కడే ఉంది.

1908లో అమెరికాలో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు చిట్టెలుకల మీద ఒక ప్రయోగం చేశారు. ఎలుక ముందు ఒక తెల్ల గది, ఒక నల్ల గది ఉండేవి. తెల్ల గదిలోకి వెళ్తే దారి దొరికేది, నల్ల గదిలోకి వెళ్తే కరెంటు షాకు తగిలేది. ఎలుక తప్పు లేకుండా తెల్ల గదినే ఎంచుకోవడం ఎన్ని ప్రయత్నాల్లో నేర్చుకుంటుందో వాళ్లు లెక్కపెట్టారు. షాకు బలాన్ని మార్చి చూశారు. వెలుతురును ఎక్కువ తక్కువలు చేసి, రెండు గదుల మధ్య తేడాను గుర్తుపట్టడం ఒకసారి తేలికగా, ఒకసారి కష్టంగా ఉండేలా కూడా మార్చి చూశారు. తేడా కొట్టొచ్చినట్టు కనిపించినప్పుడు, వాళ్లు వాడిన షాకుల్లో బలమైనది తగిలినకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా గుర్తుపట్టడం కష్టమైనప్పుడు మాత్రం బలమైన షాకు నేర్చుకోవడాన్ని ఆలస్యం చేసింది, మధ్యరకం షాకు మేలనిపించింది. పని ఎంత కష్టమైతే ఆ మేలైన చోటు అంత బలహీనమైన షాకు వైపుకు జరిగింది.

ఆ ప్రయోగంలో పరీక్ష భయం లేదు, పోటీ లేదు, గుండెదడను ఎవరూ కొలవలేదు. షాకు బలానికీ నేర్చుకునే వేగానికీ ఉన్న సంబంధమే అందులో ఉంది. దాన్ని శరీరపు ఉత్తేజానికీ మనిషి పనితీరుకూ వర్తింపజేసి, నున్నటి కొండలాంటి గీతగా చూపడం 1950ల తర్వాత స్థిరపడింది. మనుషుల మీద వచ్చిన ఫలితాలు ఆ బొమ్మ అంత నున్నగా ఎప్పుడూ రాలేదు. పాఠ్యపుస్తకాలు ఆ బొమ్మను ఒక నియమంలా అచ్చువేయడం నాకు నచ్చదు, ఎందుకంటే అలా వేసినప్పుడు అసలు ప్రయోగంలోని ముఖ్యమైన భాగం, అంటే పని కష్టాన్ని బట్టి శిఖరం జరుగుతుందన్న సంగతి, తరచుగా రాలిపోతుంది. మీకు కావలసింది ఆ రాలిపోయిన ముక్కే.

ఆటల్లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. వెయిట్‌లిఫ్టర్లు బరువు దగ్గరకు వెళ్లేముందు అమోనియా ఘాటు పీల్చడం, తొడలు చరుచుకోవడం, గట్టిగా అరవడం మీరు టీవీలో చూసే ఉంటారు. కొన్ని క్షణాల్లో పెద్ద కండరాలన్నిటి నుంచీ బలం రాబట్టాల్సిన పని అది, కాబట్టి ఎక్కువ ఉత్తేజం దానికి పనికొస్తుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన పని ఈ కోవలోదే. అయితే స్నాచ్‌లో కూడా బరువు తలమీదికి వచ్చే దారి అంగుళం తప్పితే ఆ ప్రయత్నం పోతుంది గనుక, అది వట్టి బలం పని మాత్రమే అనుకోకూడదు.

షూటింగ్ దీనికి దాదాపు రెండో చివర. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు పిస్టల్ విభాగాల్లో ఒక రజతం, ఒక కాంస్యం గెలిచి, డోపింగ్ పరీక్షలో ప్రొప్రనలాల్ అనే మందు బయటపడడంతో రెండూ పోగొట్టుకున్నాడు. ప్రొప్రనలాల్ బలాన్నిచ్చే మందు కాదు. గుండె వేగాన్నీ చేతి వణుకునూ తగ్గించే మందు, బీటా బ్లాకర్ల జాతిలోది. వెయిట్‌లిఫ్టర్‌కు అది ఎందుకూ కొరగాదు, కానీ షూటింగ్‌లోనూ, మీ ఆర్చరీలోనూ దాన్ని నిషేధించారు. ఒకే శరీర స్థితి ఒక ఆటకు నష్టం, మరో ఆటకు అన్యాయమైన లాభం అవుతోందంటే, అన్ని ఆటలకూ ఒకే శిఖరం ఎందుకు ఉండదో అర్థమవుతుంది.

ఇప్పుడు మీ క్లిక్కర్ సంగతికి వద్దాం. బాణాన్ని పూర్తిగా లాగినప్పుడు దాని మొన క్లిక్కర్ రేకు కిందినుంచి జారి, రేకు టక్కుమంటుంది, ఆ శబ్దానికి మీరు తీగ వదలాలి. లాగుతూ ఉండే ఆ చివరి రెండు మూడు మిల్లీమీటర్లు వీపు కండరాల పని. ఉత్తేజం మితిమీరినప్పుడు ముంజేయి, భుజం, వేళ్లు అన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి, వీపు నెమ్మదిగా లాగాల్సిన లాగుడు అక్కడే ఆగిపోతుంది, బాణం నిలిచిపోతుంది, నిలిచిపోయిన బాణాన్ని వదిలించుకోవాలన్న తొందరలో వేళ్లు ముందే విడిపోతాయి. ర్యాంకింగ్ రౌండ్‌లో ఒక బాణం పాడైతే అది 72 బాణాల్లో ఒకటి. మ్యాచ్‌లో ఒక సెట్టుకు మూడే బాణాలు, ఒక్కో బాణానికి 20 సెకన్లు, ఆరు సెట్ పాయింట్లకు ఆట ముగుస్తుంది. ప్రతి బాణం విలువా అంతగా పెరిగినప్పుడు మీ ఉత్తేజం కూడా పెరగడం సహజమే. మీరు చేస్తున్న పని మాత్రం అదే, అంతే సూక్ష్మమైనది, అందుకే ర్యాంకింగ్ రౌండ్‌లో శిఖరం దగ్గరున్న మనిషి మ్యాచ్‌లో దాన్ని దాటి అవతలికి వెళ్తున్నారు.

ఇక్కడ మీ కోచ్ గారితో మాట్లాడవలసిన విషయం ఒకటుంది. ఉత్తేజం పెరిగినప్పుడు శరీరం కొత్తగా నేర్చుకున్నదాన్ని పక్కనపెట్టి, ఎక్కువగా అలవాటైనదాన్నే బయటికి తెస్తుంది. ఎవరైనా చూస్తున్నప్పుడు బాగా వచ్చిన పని ఇంకా బాగా చేస్తామనీ, సరిగా రాని పని మరింత పాడుచేస్తామనీ రాబర్ట్ జాయాన్స్ 1965లో వివరించింది ఈ ఆధారం మీదే. సాధనలో మీరు అలసిపోయిన వేళల్లో అప్పుడప్పుడూ క్లిక్కర్‌కు ముందే వదిలేస్తూ ఉంటే, ఆ అలవాటే మ్యాచ్‌లో పైకి వస్తోంది. సాయంత్రం చివరి బాణాలను గమనించమని కోచ్ గారిని అడగండి. అక్కడ కూడా ఆ తప్పు కనిపిస్తే, సమస్యలో కొంత భాగం భయానిది, కొంత భాగం అలవాటుది. అప్పుడు లక్ష్యం దగ్గరగా పెట్టుకుని, స్కోరు లెక్కపెట్టకుండా, శబ్దం వినిపించాకే వదిలే బాణాలు వేయాలి, శబ్దం రాకపోతే బాణం వదలకుండా తీగను మెల్లగా ముందుకు దించేయాలి. ఆ అలవాటు గట్టిపడ్డాక 20 సెకన్ల గడియారం పెట్టి, తోటి ఆర్చర్‌తో మూడేసి బాణాల సెట్లు ఆడాలి. ఇవి వరుసగా జరగాలి. గడియారాన్ని ముందే తెస్తే తప్పుడు అలవాటే మరింత గట్టిపడుతుంది.

పరీక్షకు వస్తే, మీరు రాసిన రెండు ఇబ్బందులూ గీతకు రెండు వైపులవి. వారాంతపు పరీక్షలో ఉత్తేజం చాలక మనసు పక్కకు పోతోంది, సంబంధం లేనివన్నీ లోపలికి వస్తున్నాయి. ఉత్తేజం పెరిగినకొద్దీ మన చూపు ఇరుకవుతుందని ఈస్టర్‌బ్రుక్ 1959లో చెప్పాడు. మొదట ఆ ఇరుకు మేలే, పక్కవాళ్ల పేపర్ల చప్పుడు వినిపించదు. ఇంకా ఇరుకైతే పనికి కావలసినవి కూడా బయటికి పోతాయి. ‘కింది వాటిలో సరికానిది ఏది’ అన్న ప్రశ్నలో ‘సరికానిది’ కంటికి ఆనక, మొదట కనిపించిన సరైన వాక్యాన్నే గుర్తుపెట్టి వచ్చేయడం ఈ దశకు నమ్మకమైన గుర్తు. ప్రశ్నపత్రం ఇంటికి తెచ్చుకున్నాక మీ తప్పుల్లో ఇలాంటివి ఎన్ని, అసలు తెలియనివి ఎన్ని అని విడదీసి చూడండి. మొదటి రకం పెద్ద పరీక్షల్లోనే గుంపుగా ఉంటే మీరు శిఖరం దాటారు. వారాంతపు పరీక్షల్లో, అదీ చివరి పేజీల్లో ఉంటే శిఖరం చేరలేదు.

అయితే ప్రశ్న మూడుసార్లు చదివినా ఎక్కకపోవడాన్ని ఒట్టి ఉత్తేజంతో వివరించలేం. పరీక్ష భయంలో రెండు భాగాలున్నాయని లీబర్ట్, మోరిస్ 1967లో విడదీసి చూపించారు. ఒకటి గుండెదడ, చెమట, కడుపులో తిప్పడం, అంటే శరీరానిది. రెండోది ‘ర్యాంకు రాకపోతే ఎలా, నాన్న ఏమంటారు, పక్కవాళ్లు అప్పుడే రెండో పేజీ తిప్పారు’ అనే దిగులు, అంటే తలలో నడిచే మాటలు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనల్లో మార్కులు తగ్గడంతో ఎక్కువగా ముడిపడి కనిపించింది రెండోదే. లెక్క చేసేటప్పుడు సగంలో వచ్చిన విలువను, వాడాల్సిన సూత్రాన్ని, మిగిలిన మెట్లను తలలో ఒకేసారి పట్టుకోవాలి, ఆ చోటు చాలా తక్కువ. దిగులు కూడా అదే చోటును ఆక్రమిస్తుంది. ఒక్క మెట్టులో తేలే ప్రశ్నలు అప్పుడూ చేయగలుగుతారు, నాలుగు మెట్ల సమాకలనం దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోతుంది. కాబట్టి ‘కొంచెం టెన్షన్ మంచిదే’ అన్న మాటను నేను శరీరానికే ఒప్పుకుంటాను. దిగులుకు అలాంటి మంచి మోతాదు ఉందని చెప్పడానికి నాకు ఆధారం కనబడలేదు.

ఈ రెండూ కలిసినప్పుడు గీత ఆకారమే మారిపోవచ్చని ల్యూ హార్డీ, జాన్ ఫేజీ 1987లో ప్రతిపాదించారు. దిగులు తక్కువగా ఉంటే శరీరపు ఉత్తేజం శిఖరం దాటినా పనితీరు మెల్లగా దిగుతుంది. దిగులు ఎక్కువగా ఉన్నప్పుడు అది మెల్లగా దిగదు, ఒక్కసారిగా పడిపోతుంది. పడ్డాక ఉత్తేజాన్ని కాస్త తగ్గిస్తే వెనక్కి రాదు, చాలా కిందికి దింపి మళ్లీ పైకి తీసుకురావాలి. వాళ్ల నమూనా అన్ని చోట్లా రుజువు కాలేదు గానీ, పరీక్ష హాలులో ఏం చేయాలో దాని నుంచి నేర్చుకోవలసింది ఉంది. బుర్ర మొద్దుబారిన ప్రశ్న మీదే నాలుగోసారి పోరాడకండి. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 67.5 సెకన్ల చొప్పున ఉంది. ఆ ప్రశ్నను తర్వాత చూడడానికి గుర్తుపెట్టి, పెన్ను కింద పెట్టి, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదులుతూ ఒక నిమిషం గడపండి. తర్వాత రసాయనశాస్త్రంలోనో మరెక్కడో మీకు నేరుగా తెలిసిన ఐదారు ప్రశ్నలు చేయండి. ఆ కొద్ది నిమిషాలు వృథా కావు, పడిపోయిన చోటునుంచి మళ్లీ ఎక్కే దారి అదే.

ఇక మీ శిఖరాన్ని కనుక్కోవడం. ప్రతి క్రీడాకారుడికీ తనదైన ఒక పరిధి ఉంటుందనీ, అది కొందరికి చాలా కింద, కొందరికి చాలా పైన ఉంటుందనీ చెప్పినవాడు సోవియట్ మనస్తత్వవేత్త యూరి హానిన్. ఆ పరిధిని క్రీడాకారుల సొంత అనుభవాల నుంచే ఆయన రాబట్టేవాడు. మీరు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ప్రతి మ్యాచ్‌కూ ప్రతి పరీక్షకూ ఐదు నిమిషాల ముందు రెండు అంకెలు రాయండి, ఒకటి శరీరానికి, ఒకటి దిగులుకు, రెండూ సున్నా నుంచి పది వరకు. ఫలితం వచ్చాక పక్కన స్కోరు రాయండి. అంకెలు ముందే రాయడం చాలా ముఖ్యం. గెలిచాక గుర్తుచేసుకుంటే ప్రశాంతంగా ఉన్నాననిపిస్తుంది, ఓడాక భయపడ్డాననిపిస్తుంది.

ఊహకోసం ఒక ఆర్చర్ పుస్తకం ఇలా ఉందనుకోండి. శరీరం 3, దిగులు 2 ఉన్న మ్యాచ్‌లో బాణానికి సగటున 8.3 వచ్చింది. శరీరం 5, దిగులు 2 ఉన్నప్పుడు 8.9. శరీరం 8, దిగులు 2 అయినప్పుడు 8.6. శరీరం 6, దిగులు 7 ఉన్న రోజు 7.6. మొదటి మూడు మ్యాచ్‌లలో దిగులు మారలేదు, వాటిని మాత్రమే చూస్తే మీ సీనియర్ గీసిన కొండ కనిపిస్తుంది, శిఖరం ఐదు ప్రాంతంలో ఉంది. నాలుగోది ఆ కొండ మీద లేదు. శరీరం శిఖరానికి దగ్గరగానే ఉంది, కూలగొట్టింది దిగులు. ఈ ఆర్చర్‌కు ‘ప్రశాంతంగా ఉండు’ అని చెప్పి శరీరాన్ని రెండుకు దింపితే ఎనిమిదిన్నర కూడా రాదు. ‘కసి’ పెంచితే, ఆ కసి ఓటమి గురించిన ఆలోచనగా మారనంత వరకూ పెద్ద నష్టం లేదు. నాలుగు మ్యాచ్‌లతో ఎవరి పరిధీ తేలదు గనుక, కనీసం పది పన్నెండు నమోదయ్యాక అన్నిటికన్నా మంచి మూడింటినీ, అన్నిటికన్నా చెడ్డ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆర్చరీకీ పరీక్షకూ వేర్వేరు పేజీలు ఉంచండి, రెండు శిఖరాలూ ఒకే చోట ఉండాలని లేదు.

మీ పరిధి తెలిశాక దానిలోకి రావడానికి రెండు వైపులా దారులున్నాయి. వారాంతపు పరీక్షలో అంకె ఒకటో రెండో ఉంటే, ముందు పది నిమిషాలు వేగంగా నడవండి, కేటాయించిన సమయంలో పావు వంతు మీరే తగ్గించుకుని రాయండి. మ్యాచ్‌లో అంకె ఎనిమిది దాటితే, ఊపిరి వదిలే నిడివిని పెంచండి, రెండు సెట్ల మధ్య భుజాలను పూర్తిగా కిందికి వదిలేయండి. గుండెదడను అణచడానికి సమయం లేనప్పుడు దాన్ని అణచకండి, ‘శరీరం సిద్ధమవుతోంది’ అని దానికి వేరే అర్థం చెప్పుకోండి. పరీక్షకు ముందు ఇలా చెప్పుకున్న విద్యార్థులు గణితంలో మెరుగ్గా చేసినట్టు జెరెమీ జేమీసన్ బృందం 2010లో ప్రచురించింది. దిగులుకు శ్వాస అంతగా అందదు. దానికోసం పరీక్షకు ముందు పది నిమిషాలు, ఏమేమి జరుగుతుందని భయపడుతున్నారో దాపరికం లేకుండా కాగితం మీద రాసి చూడండి. రామిరెజ్, బైలాక్ 2011లో ప్రచురించిన ఈ పద్ధతి భయం ఎక్కువగా ఉన్న విద్యార్థులకు మేలు చేసినట్టు చూపింది. ఇది అందరికీ పనిచేస్తుందని హామీ ఇవ్వలేను గనుక, ముందు వారాంతపు పరీక్షల్లో ప్రయత్నించి మీ పుస్తకంలోని అంకెలనే సాక్ష్యం అడగండి.

ఇవన్నీ చేసేముందు ఒక్క పరీక్ష పెట్టుకోండి. హాలులో ఆగిపోయిన ప్రశ్నను అదే సాయంత్రం, పుస్తకం మూసి, అంతే సమయంలో ఇంట్లో చేసి చూడండి. అక్కడా రాకపోతే ఉత్తేజాన్ని నిందించడం తప్పు, ఆ పాఠం ఇంకా రాలేదు, దానికి మందు సాధనే. వస్తే ఇక్కడ చెప్పినవి మీకోసమే.

ఎవరైనా ‘వణుకు తగ్గే మాత్ర ఒకటి ఉంది’ అంటే తీసుకోకండి. ఆర్చరీలో అది పోటీ రోజునే కాక మామూలు రోజుల్లో కూడా నిషిద్ధం, పైగా ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. పరీక్షల ముందు వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, వాంతులు, హాలుకు వెళ్లనని మొండికేసేంత భయం ఉంటే, అంకెల పుస్తకంతో సరిపెట్టుకోకుండా నాన్నగారితో కలిసి ఒక మనస్తత్వ నిపుణుడిని కలవండి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనిపించలేదు. మీ తర్వాతి మ్యాచ్‌కు ముందు రాసిన రెండు అంకెలనూ కోచ్ గారికీ నాన్నగారికీ చూపించండి. ఆ రోజు మీకు ఎవరి మాట అవసరమో వాళ్లిద్దరికీ అవే చెబుతాయి.